పేజీకి డెబ్బై పైసలు

గాజువాకలో ఇంజనీరింగ్ కాలేజీకి వెళ్ళే రోడ్డు మలుపులో శ్రీరామ్మూర్తి జిరాక్స్ షాపు పెట్టి చాలా ఏళ్ళయింది. పద్మనాభం మండలం వైపు పల్లె అతనిది. పొలం పని చేతకాదని ఇంట్లో తిట్లు తిని, బస్సెక్కి వచ్చి, ఒక ప్రింటింగ్ ప్రెస్సులో పని నేర్చుకుని, చివరికి సొంతంగా ఒక మిషను పెట్టుకున్నాడు. భార్య వెంకటరమణమ్మ కౌంటరు చూసుకునేది. డబ్బులు తీసుకోవడం, కాగితాలు సర్దడం, స్పైరల్ బైండింగు చేయడం ఆమె పని. మిషను అతనిది. అది ఎప్పుడు మూలిగినా ఎక్కడ నొప్పో అతనికి తెలిసేది.

వెంకటరమణమ్మ తమ్ముడు చందు పదో తరగతి తప్పి వీళ్ళ దగ్గరికే వచ్చాడు. శ్రీరామ్మూర్తే వాడికి పని నేర్పాడు. కాగితం చెమ్మెక్కితే ఎలా విసరాలో, కాగితం లోపల ఇరుక్కుంటే ఏ తలుపు తెరిచి ఎటు లాగాలో, వందలోపు పేజీలైతే ఏ రేటు చెప్పాలో, వంద దాటితే ఎంత తగ్గించాలో అన్నీ ఆ షాపులోనే తెలుసుకున్నాడు. పెళ్ళయ్యాక సొంతంగా బతుకుతానన్నాడు. బావ వద్దనలేదు. అయితే చందు షాపు పెట్టింది ఎక్కడో కాదు, రోడ్డుకి అవతల, సరిగ్గా ఎదురుగా.

"కాలేజీ ఇక్కడుంది కదా బావా, మరెక్కడ పెట్టమంటావు" అన్నాడు వాడు. అందులో అబద్ధం లేదు.

చందు సొంత మిషను కొనలేదు. ఒక కంపెనీ దగ్గర పెద్ద మిషను అద్దెకి తెచ్చాడు. నెలయ్యాక కంపెనీ మనిషి వచ్చి మీటరు చూసి పేజీల లెక్కన బిల్లు వేస్తాడు. టోనరు, అంటే అచ్చుకి వాడే నల్లపొడి, వాళ్ళదే, రిపేరూ వాళ్ళదే. కాగితం, కరెంటు మాత్రం చందు పెట్టుకోవాలి. మొదటి వారమే వాడు షాపు ముందు బోర్డు కట్టాడు. అందులో రేటు శ్రీరామ్మూర్తి రేటు కంటే పావలా తక్కువ. ఒకటీ అరా కాపీకి రెండు రూపాయలు ఎవరైనా ఇస్తారు. కానీ వంద పేజీలు దాటిన పనికి శ్రీరామ్మూర్తి రూపాయి తీసుకుంటుంటే చందు ముప్పావలాకే కొట్టడం మొదలుపెట్టాడు. పిల్లలు రోడ్డు దాటారు. బావా బావమరుదులు మాట్లాడుకోవడం తగ్గింది. వెంకటరమణమ్మ మాత్రం మధ్యాహ్నం కూర చేసినప్పుడు ఒక గిన్నె అవతలికి పంపేది. గిన్నె కడిగి తిరిగి వచ్చేది. అంతే.

ఏప్రిల్ నెల వాళ్ళకి పంట నెల. ఆఖరి సంవత్సరం పిల్లలు ప్రాజెక్టు రిపోర్టులు ఇవ్వాల్సిన కాలం. ఆ ఏడు ఒక డిపార్టుమెంటు హెచ్‌ఓడీ దేవీప్రసాద్ గారు ఒక పద్ధతి పెట్టారు. ఒక్కో బ్యాచి ఒక్కో షాపుకి వెళ్ళి ఒక్కో రకంగా బైండింగు చేయిస్తున్నారని, ఈసారి పిల్లల దగ్గర డబ్బు వసూలు చేసి మొత్తం పని ఒకే షాపుకి ఇస్తామని కబురు చేశారు. ముప్పై బ్యాచీలు. ఒక్కోదానికి ఐదు కాపీలు. రిపోర్టుకి సుమారు ఎనభై పేజీలు, అందులో పన్నెండు రంగువి. నల్ల రెక్సిను అట్ట, దానిమీద బంగారు అక్షరాలు.

శ్రీరామ్మూర్తి, చందు ఇద్దరూ వెళ్ళారు. దేవీప్రసాద్ గారి గది బయట బెంచీ మీద ఒకరి పక్కన ఒకరు కూర్చున్నారు. ముందు చందుని పిలిచారు. వాడు బయటికి వచ్చి బావ వైపు చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

"ఆయన నలుపు తెలుపు డెబ్బై అయిదు పైసలన్నాడు" అన్నారు దేవీప్రసాద్ గారు. "రంగు పేజీ ఎనిమిది. బైండింగు నూట నలభై. మీరు?"

"రెండేపులా కొడితే తగ్గుతాదండి. కాయితం సగం కలిసొస్తాది" అన్నాడు శ్రీరామ్మూర్తి.

"రిపోర్టు ఒకవైపే ఉండాలి. రూలు."

శ్రీరామ్మూర్తి మనసులో లెక్క వేసుకున్నాడు. "డెబ్బైకి కొడతానండి. రంగు అదే ఎనిమిది. బైండింగు నూట ముప్పై."

పని అతనికి వచ్చింది. సగం డబ్బు అడ్వాన్సుగా ఇరవై వేలు ఇచ్చారు.

ఇంటికి వచ్చి చెప్పినప్పుడు వెంకటరమణమ్మ అన్నం వడ్డిస్తూ ఆగిపోయింది. "డెబ్బై పైసలకి ఏటి మిగుల్తాదండి. కాయితమే నలభై ఎనిమిది పడతన్నాది. కంపెనీ టోనరు పద్నాలుగు. కరెంటూ డ్రమ్మూ మెకానిక్కూ కలిపి ఇంకో పది ఏసుకోండి. డెబ్బై రెండు. పేజీకి రెండు పైసలు మనవే ఎదురిత్తన్నాం."

"నలుపు మీద పోనీ. రంగు మీద వత్తాది" అన్నాడు అతను. "రంగు పేజీ మన ఇంక్ మిషను మీద మూడుకి పడతాది. అయిదు మిగుల్తాది. పుస్తకానికి పన్నెండు పేజీలు. బైండింగు పోలిరాజు నూట పదికి సేత్తాడు, అక్కడ ఇరవై. మొత్తం మీద పన్నెండు వేలు ఎక్కడికీ పోవు. ఆ డబ్బుతో ఫ్యూజరు మార్చీవొచ్చు."

ఫ్యూజరు అంటే మిషను లోపల ఉండే వేడి రోలరు. నల్లపొడిని కాగితం మీద కరిగించి అంటించేది అదే. వాళ్ళ మిషనులో అది అరిగిపోయి చాలాకాలమైంది. మెకానిక్ వచ్చినప్పుడల్లా మార్చమనే చెబుతున్నాడు. తొమ్మిది వేలు. ఏ నెలకానెల వాయిదా వేసుకుంటూ వచ్చారు. ఈ పనితో అది తీరుతుందని శ్రీరామ్మూర్తి ఆశ.

ఫైళ్ళు వచ్చాయి. మిషను మొదలుపెట్టబోయే ముందు రోజు దేవీప్రసాద్ గారి దగ్గరినుంచి ఫోను వచ్చింది. పుస్తకం ఖరీదు ఎక్కువైపోతోందని పిల్లలు గొడవ చేస్తున్నారట. అందుకని పై పేజీ, సర్టిఫికెట్, ఫలితాల బొమ్మలు రెండు, ఆ నాలుగే రంగులో వేసి మిగతా ఎనిమిదీ నలుపులోనే వేయమన్నారు.

"పన్నెండన్నారు కదండి" అన్నాడు శ్రీరామ్మూర్తి. "పన్నెండు సూసుకునే కదండి ఆ రేటు సెప్పింది."

"సుమారు అన్నాం. ఖచ్చితంగా అనలేదు. నలుపు పేజీలు పెరిగాయి కదా, మీకు నష్టమేముంది?"

ఆ మనిషికి నష్టమేమిటో చెప్పడానికి శ్రీరామ్మూర్తికి నోరు రాలేదు. తన ఖర్చు ఎంతో చెబితే తన లాభం ఎంతో చెప్పినట్టే. అలా ఏ వ్యాపారస్థుడూ చెప్పడు. ఫోను పెట్టేశాడు.

"నలుపు రేటు పెంచమని అడగండి" అంది వెంకటరమణమ్మ. "మాట మార్చింది ఆలు. మనం కాదు."

"అడిగితే అవతలికి ఎలిపోతాది పని" అన్నాడు రోడ్డు వైపు చూస్తూ. "ఆడు ముప్పావలాకి రెడీగా కూకున్నాడు."

"అడ్వాన్సు తిరిగిచ్చీండి. ఎలిపోతే ఎలిపోనీండి."

"ఆడి ముందరా?" అన్నాడు అతను.

ఆ మాటతో ఆమెకి అర్థమైంది. పని డబ్బు కోసం కాదు ఇప్పుడు. తమ్ముడి పేరు వచ్చిన ప్రతిసారీ ఆమె నోరు కట్టుబడిపోయేది. ఎటు మాట్లాడినా ఒకరికి ద్రోహమే.

రావలసిన పన్నెండు వేలు సగానికి సగమయ్యాయి. అందులో షాపు అద్దె పోను ఫ్యూజరుకి మిగిలేది లేదు. శ్రీరామ్మూర్తి ఫ్యూజరు సంగతి వదిలేశాడు. అంతటితో ఆగినా సరిపోయేది. కానీ టౌనుకి వెళ్ళి, కంపెనీ టోనరుకి బదులు సంచుల్లో అమ్మే పొడి కొనుక్కొచ్చాడు. అది పేజీకి ఐదు పైసలే పడుతుంది. పేజీకి తొమ్మిది పైసలు కలిసొస్తుంది. పదకొండు వేల పైచిలుకు పేజీల మీద వెయ్యి రూపాయలు. ఆ వెయ్యి కోసమే అతను అంత దూరం వెళ్ళాడు.

పొడి పోసి మొదట ఒక పుస్తకం తీశాడు. బొటనవేలితో అక్షరాల మీద గట్టిగా రుద్దాడు. వేలికి ఏమీ అంటలేదు. భార్యకి చూపించాడు. ఆమె కూడా రుద్ది చూసింది. బాగానే ఉంది. అప్పుడు వరసగా పని మొదలుపెట్టారు.

ఎండాకాలం. మధ్యాహ్నం అయ్యేసరికి ఆ వీధిలో అన్ని ఏసీలూ తిరిగి కరెంటు నీరసించిపోతుంది. షాపులో ట్యూబులైటు గుడ్డిగా వెలిగేది. మిషను ఆపకుండా తిరుగుతూనే ఉంది. అరిగిన రోలరు, తక్కువ కరెంటు, ఎక్కువ వేడి కావలసిన పొడి. వరసగా వందల పేజీలు పోతుంటే రోలరు వేడి దిగిపోతోందని అతనికి తెలియలేదు. ముద్ర నల్లగా, నిండుగా పడుతోంది. చూడటానికి ఏ లోపమూ లేదు. మధ్యమధ్య రుద్ది చూడాల్సింది. చూడలేదు. పేజీలు లెక్కపెట్టి, రంగువి మధ్యలో పెట్టి, పుస్తకం పుస్తకంగా కట్టడంలోనే రోజులు గడిచిపోయాయి. వెంకటరమణమ్మ కట్టలు ఆటోలో పోలిరాజు బైండింగు షెడ్డుకి చేర్చింది. అతను దారంతో కుట్టి, జిగురు పూసి, అట్టలు వేసి, ప్రెస్సులో బిగించి, మూడు వైపులా కత్తిరించాడు. పుస్తకాలు నల్లగా మెరుస్తూ వచ్చాయి. కాలేజీలో దించినప్పుడు అటెండరు కూడా బాగున్నాయన్నాడు.

రెండు రోజులకి దేవీప్రసాద్ గారు పిలిపించారు. బల్ల మీద ఒక పుస్తకం తెరిచి ఉంది. ఎదురుగా ధనశ్రీ అనే అమ్మాయి నిలబడి ఉంది. చేపల రేవు వైపు పిల్ల. ఆ బ్యాచికి లీడరు. ఆమె అరచేతులు రెండూ నల్లగా ఉన్నాయి.

"చూడండి" అన్నారు దేవీప్రసాద్ గారు. పేజీ మీద వేలు పెట్టి అడ్డంగా లాగారు. ఒక పేరా మొత్తం బూడిదలా చెదిరిపోయింది. పేజీ తిప్పారు. ప్రెస్సులో బిగించినప్పుడు ఒక పేజీలో అక్షరాలు ఎదుటి పేజీ వీపు మీద అద్దంలోలా తిరగబడి అంటుకున్నాయి. "నేనొక యాభై పుస్తకాలు తీసి చూశాను. కొన్ని బాగున్నాయి. చాలావరకు ఇంతే. ఎల్లుండి బయటి కాలేజీ నుంచి ఎగ్జామినర్ వస్తున్నారు. ఆయన చేతికి ఇది ఇవ్వనా?"

శ్రీరామ్మూర్తి పుస్తకం తనవైపు తిప్పుకున్నాడు. తన వేలితో ఇంకో చోట రుద్దాడు. ఆ అక్షరాలూ పోయాయి.

"మా నాన్నోలకి సేపల ఏట లేదండి ఇప్పుడు. ఏట బందు రోజులని బోట్లన్నీ కట్టీసినారు" అంది ధనశ్రీ. ఎవరినీ నిందిస్తున్నట్టు లేదు, ఉన్న మాట చెబుతున్నట్టుంది. "మళ్ళీ డబ్బులు కట్టమంటే నాను అడగలేను."

"మిమ్మల్ని ఎవరూ కట్టమనరు" అన్నారు దేవీప్రసాద్ గారు. తర్వాత శ్రీరామ్మూర్తి వైపు తిరిగారు. "ఎల్లుండికి కొత్తగా కొట్టి ఇవ్వండి. హార్డ్ బైండింగుకి టైము లేదు, ముందు స్పైరల్ వేసి ఇవ్వండి, వైవా అయ్యాక హార్డ్ బైండింగు. లేదంటే మా ఇరవై వేలు మాకు ఇచ్చేయండి. మేం వేరే చోట చూసుకుంటాం."

కుట్టి, అంటించి, కత్తిరించిన పుస్తకంలోంచి పాడైన పేజీ తీసి మంచి పేజీ పెట్టడం కుదరదు. అట్ట పీకితే పుస్తకం మొత్తం పోయినట్టే. ఇరవై వేలలో సగానికి పైగా పోలిరాజుకి ఇచ్చేశాడు. మిగిలింది కాగితం కట్టలకి పోయింది. కొత్తగా కొట్టాలన్నా ఆ మిషనే, ఆ రోలరే.

మర్నాడు మధ్యాహ్నం వెంకటరమణమ్మ ఇంటి దగ్గర వంట ముగించి షాపుకి వచ్చేసరికి షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి వెళ్ళింది. కాలేజీ నుంచి తిరిగొచ్చిన పుస్తకాలు గోడవారగా మనిషెత్తు పేర్చి ఉన్నాయి. శ్రీరామ్మూర్తి నేల మీద దుప్పటి పరుచుకుని కూర్చున్నాడు. పక్కన ఇంట్లోని ఇస్త్రీపెట్టె. ఒక పుస్తకం అట్ట చింపి, పేజీలు విడదీసి, ఒక్కొక్క పేజీ మీద పల్చటి గుడ్డ వేసి ఇస్త్రీ చేస్తున్నాడు. చేసిన పేజీ తీసి వేలితో రుద్దుతున్నాడు. పక్కన పెడుతున్నాడు. ఇంకోటి తీసుకుంటున్నాడు.

"అంటుకుంటన్నాది సూడు" అన్నాడు భార్యకి ఒక పేజీ అందిస్తూ. "వేడి తగిలితే కరుగుతన్నాది. రుద్దు. పోలేదు."

ఆమె రుద్దింది. నిజమే, పోలేదు. ఆ మూల పేజీ కాస్త గోధుమరంగులోకి కమిలి ఉంది.

"ఎన్ని సేసినారు?"

"ఇది రెండో పుస్తకం."

ఆమె గోడవార పుస్తకాల వైపు చూసింది. నూట యాభై పుస్తకాలు. పుస్తకానికి ఎనభై పేజీలు. అతనికి ఈ లెక్క తెలియక కాదు. రేట్లు నోటిమీద లెక్కకట్టే మనిషి. అతని చొక్కా మొత్తం తడిసి వీపుకి అతుక్కుపోయింది. ఫ్యాను వేస్తే కాగితాలు ఎగురుతాయని వేయలేదు. నల్లటి పొడి అతని ముక్కు పుటాల దగ్గర, పెదాల అంచున పేరుకుని ఉంది.

"ఒగ్గీండి" అంది ఆమె.

"అవుద్ది. నువ్వు కూడా కూకుంటే బేగి అవుద్ది."

ఆమె కూర్చోలేదు. కంప్యూటరు దగ్గరికి వెళ్ళి, ముప్పై బ్యాచీల ఫైళ్ళూ పెన్‌డ్రైవులోకి ఎక్కించింది. అది అయ్యేదాకా ఇస్త్రీపెట్టె కాగితం మీద జరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. పెన్‌డ్రైవు పీకి కొంగున ముడి వేసుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు అతను తలెత్తకుండా.

"చందు దగ్గిరికి."

వద్దంటాడనుకుంది. తిడతాడనుకుంది. అతను ఇంకో పేజీ తీసి గుడ్డ కప్పాడు.

రోడ్డు దాటి తమ్ముడి షాపు మెట్లెక్కడం ఆమెకి అదే మొదటిసారి. చందు గల్లా దగ్గర ఉన్నాడు. అక్కని చూసి లేచి కుర్చీ ఇచ్చాడు. సంగతి వాడికి అప్పటికే తెలుసు. కాలేజీ రోడ్డులో ఇలాంటివి దాగవు.

"నీ మిషను పెద్దది. ఓ పూటలో అయిపోద్ది" అందామె. "కాయితం నాను తెత్తాను. నలుపు పేజీలు కొట్టియ్యి. రంగువి మా ఇంక్ మిషను మీద కొట్టుకుంటాం, స్పైరల్ నాను ఏసుకుంటాను. నీ ఖర్చు ఎంతో సెప్పు, ఇచ్చుకుంటాం."

చందు మిషను వైపు చూశాడు. "కొడతానక్కా. కానీ ఆర్డరు నా పేరున రాయించాలి. కాలేజీ ఇవ్వాల్సింది నాకే ఇవ్వాలి. హార్డ్ బైండింగు కూడా నానే సేయిత్తాను."

"అంటే మీ బావ ఆలకి ఇరవై వేలు తిరిగి కట్టాలి. నువ్వు ఆ డబ్బు తీసుకుంటావు."

వాడు గల్లాపెట్టె మూత వేశాడు.

"నీకు పని నేర్పినాడ్రా" అందామె. ఆమె గొంతు పెరగలేదు.

"తెలుసక్కా." చందు గల్లాపెట్టె మీద చేతులు పెట్టుకున్నాడు. "ముప్పావలాకి కొట్టి నాను బాగుపడతన్నాననుకుంటన్నారు మీరు. ఇది అద్దె మిషను. నెలకి నలభై వేల పేజీలు కొట్టినా కొట్టకపోయినా నలభై వేలకీ బిల్లు ఏత్తారు. అగ్రిమెంటు అలాగుంది. సెలవల్లో పది వేలు కూడా అవ్వవు. ఖాళీగా ఉంచితే పూర్తిగా పోద్దనీసి ఎంతకొస్తే అంతకి కొట్టీసినాను. బావ రేటు పడగొడదామని కాదు. ఇప్పుడు రెండు నెల్ల బిల్లు ఆగిపోయింది. ఈ పని నా పేరున లేకపోతే మిషను పట్టుకుపోతారు."

"నాకు ముందే సెప్పలేదేటి?"

"బావకి సెప్తే నవ్వుతాడనీసి."

ఇద్దరు మగవాళ్ళు రోడ్డుకి అటూ ఇటూ కూర్చుని, ఒకరి బోర్డు చూసి ఒకరు రేటు తగ్గించుకుంటూ, ఎవరికి వారు నష్టానికి కొట్టుకుంటూ వచ్చారు. అందులో ఒక్కడూ రోడ్డు దాటలేదు. తను పంపిన కూరగిన్నె మాత్రమే దాటింది. ఆమెకి కోపం కూడా రాలేదు. ఒళ్ళంతా ఖాళీ అయినట్టనిపించింది. కొంగు ముడి విప్పి పెన్‌డ్రైవు బల్ల మీద పెట్టింది.

"ఆ పిల్లలకి రేపటికల్లా అందాల. మిగిలింది నీ ఇట్టం" అంది.

దేవీప్రసాద్ గారికి ఫోనులో చెప్పింది ఆమే. ఆయనకి పుస్తకాలు వస్తే చాలు, ఎవరు కొట్టారన్నది పట్టలేదు. సరేనన్నారు. ఎగ్జామినర్ వచ్చే వేళకి స్పైరల్ కాపీలు బల్లల మీద ఉన్నాయి. పిల్లల వైవా గడిచిపోయింది. ధనశ్రీ కూడా గట్టెక్కింది. చందు మిషను వాడి దగ్గరే ఉంది.

ఇరవై వేలు తిరిగి ఇవ్వడానికి శ్రీరామ్మూర్తి తన మిషను అమ్మేశాడు. పాత మిషన్లు బాగుచేసి అమ్మే మనిషి వచ్చి, ఫ్యూజరు అరిగిందని చూసి అతను చెప్పిన ధరలో సగానికి తగ్గించాడు. చాలనిదానికి రంగు మిషను కూడా ఇచ్చేయాల్సి వచ్చింది. మిషను ఆటో ట్రక్కులోకి ఎక్కిస్తుంటే శ్రీరామ్మూర్తి ఒక చెయ్యి వేసి, "ఈ పక్క పట్టుకోకండి, ట్రే ఇరిగిపోద్ది" అన్నాడు. నల్ల అట్టల పుస్తకాలు తూకానికి పోయాయి. రెక్సిను అట్టలుంటే తీసుకోనని పాతకాగితాల వాడు అంటే, వెంకటరమణమ్మ కూర్చుని నూట నలభై ఎనిమిది అట్టలూ పీకి ఇచ్చింది.

షాపు ఖాళీ చేశాక శ్రీరామ్మూర్తికి కంటెయినర్ల యార్డులో గేటు దగ్గర పని దొరికింది. వచ్చే పోయే లారీల నంబర్లు చూసి గొలుసు తీయడం, వేయడం. ఆ గేటు దగ్గర దుమ్ము ఎక్కువ. నల్లపొడి పీల్చి అప్పటికే పట్టుకున్న దగ్గు అక్కడ ముదిరింది. డాక్టరు ఆ పని మానమన్నాడు. మానితే ఏం చెయ్యాలో డాక్టరు చెప్పలేదు. వెంకటరమణమ్మ పోలిరాజు షెడ్డులో పుస్తకాలు కుట్టే పనికి కుదిరింది. పుస్తకానికి ఇంత అని కూలి. పోలిరాజు మంచివాడే, పాత బాకీ అడగలేదు. కూలిలో పట్టుకున్నాడు.

అవతల పోటీ లేకపోయేసరికి చందు రేటు రూపాయిన్నరకి పెంచాడు. కొన్నాళ్ళు వాడి ముఖంలో వెలుగు కనిపించింది. తర్వాత శ్రీరామ్మూర్తి ఖాళీ చేసిన అదే గదిలో ఎవరో కొత్త మనిషి రెండు మిషన్లు దింపాడు. అరవై పైసలని బోర్డు కట్టాడు.

ఒక ఆదివారం సాయంత్రం చందు అక్క ఇంటికి వచ్చాడు. బావతో మాట్లాడి ఏడాది దాటింది. గుమ్మంలో చెప్పులు విప్పి నిలబడ్డాడు. వెంకటరమణమ్మ లోపలికి రమ్మంది. శ్రీరామ్మూర్తి మంచం మీద పడుకుని ఉన్నాడు. లేచి కూర్చున్నాడు. ఆ లేవడానికే దగ్గు వచ్చింది, వెంకటరమణమ్మ నీళ్ళు అందించింది.

"అరవైకి ఎలా కొడతన్నాడు బావా ఆడు?" అన్నాడు చందు చివరికి. "నాకు అంతుబట్టట్లేదు. నాను ఎంతకి దిగాల?"

"దిగకు" అన్నాడు శ్రీరామ్మూర్తి. "మిషను ఆలకి ఇచ్చీ."

"అగ్రిమెంటు ఇంకా ఏడాదిన్నర ఉంది. మధ్యలో ఇచ్చీసినా మిగిలిన నెలలకి కట్టమంటన్నారు."

శ్రీరామ్మూర్తి ఏదో చెప్పబోయాడు. మళ్ళీ దగ్గు వచ్చింది. గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. చందు తల వంచుకుని కాళ్ళ వైపు చూస్తూ కూర్చున్నాడు. వాడు డబ్బు సంపాదించిన మనిషిలా లేడు, షాపులో పని నేర్చుకోవడానికి వచ్చినప్పటి కంటే చిక్కిపోయి ఉన్నాడు. వెంకటరమణమ్మకి అది కనిపించింది.

"అన్నం తిని ఎల్లు" అంది.

వాడు వద్దనలేదు. ఆమె వేడి అన్నం, చారు, ఎండుచేపల వేపుడు పెట్టింది. వాడు తింటున్నంతసేపూ శ్రీరామ్మూర్తి కళ్ళు తెరవలేదు, నిద్రపోలేదు కూడా. తిని చేతులు కడుక్కుని చందు గుమ్మం దగ్గర కాసేపు నిలబడ్డాడు.

"వత్తానక్కా" అని మెట్లు దిగాడు.

మర్నాడు పనికి వెళుతూ ఆమె షేర్ ఆటోలోంచి కాలేజీ మలుపు దగ్గర చూసింది. చందు నిచ్చెన ఎక్కి బోర్డు మారుస్తున్నాడు. యాభై అయిదు పైసలు. ఆటోలో పక్కన కూర్చున్న కుర్రాళ్ళిద్దరు అది చూసి, ఈ నెలాఖరుకి రిపోర్టు ఇక్కడే కొట్టిద్దామని అనుకున్నారు. ఆమె ముఖం తిప్పుకుంది. సూది గుచ్చుకుని పక్కుకట్టిన వేళ్ళని ఒళ్ళో పెట్టుకుని, తను దిగాల్సిన చోటు వచ్చేదాకా వాటివైపే చూస్తూ కూర్చుంది.